రాత్రి రెండున్నర దగ్గు: మా చిన్నోడి పిల్లికూతల సంగతి

పగలంతా వాడికేమీ ఉండేది కాదు. స్కూల్ నుంచి వచ్చి బ్యాగ్ విసిరేసి కింద పార్కింగ్‌లో క్రికెట్ ఆడేవాడు, అన్నం తినేవాడు, తొమ్మిదిన్నరకల్లా పడుకునేవాడు. రాత్రి రెండు, రెండున్నర అయ్యేసరికి మొదలయ్యేది. పొడి దగ్గు, ఆగకుండా పావుగంట, అరగంట. లేపి కూర్చోబెడితే కాస్త తగ్గేది, పడుకోబెడితే మళ్లీ మొదలు. తెల్లారి ఏడింటికి ఏమీ జరగనట్టే లేచి ఇడ్లీలు తినేవాడు. దాంతో ఎవరికి చెప్పినా నమ్మేవాళ్లు కాదు, డాక్టర్‌తో సహా.

మాది హైదరాబాద్‌లో నాచారం. వాడికి ఆరేళ్లు, ఒకటో తరగతి. జూన్‌లో స్కూళ్లు తెరిచారు, జూలైలో వానలు, అప్పటి నుంచి నెలకి రెండు జలుబులు. ప్రతి జలుబూ ముక్కులో మూడు రోజులుంటే ఛాతీలో మూడు వారాలు ఉండేది. దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్లిన ప్రతిసారీ "నెమ్ము చేసిందమ్మా" అని ఒక యాంటీబయాటిక్, ఒక దగ్గు మందు, రెండుసార్లు నెబులైజర్ కూడా పెట్టారు. నెబులైజర్ పెట్టిన రాత్రి హాయిగా నిద్రపోయేవాడు. అది గమనించాను కానీ దానికి అర్థం ఏమిటో నాకు తెలియలేదు. సెప్టెంబర్ చివరికి నాలుగు కోర్సులు యాంటీబయాటిక్ అయిపోయాయి.

అత్తయ్య మాత్రం మొదటి నెలలోనే చెప్పింది, "ఇది పిల్లికూతలే, మా చిన్నాయనకి ఉండేవి" అని. నేను పట్టించుకోలేదు. ఉబ్బసం అంటే ముసలివాళ్లకి వచ్చే ఆయాసం అనే నా బుర్రలో ఉంది. అసలా మాట వినడమే ఇష్టం లేదు, నిజం చెప్పాలంటే.

అక్టోబర్ మొదట్లో మా ఆఫీసులో ఒకావిడ చెబితే తార్నాక వైపు ఒక పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాం. డాక్టరమ్మ మందుల చీటీలన్నీ పక్కన పెట్టి, రాత్రి ఎన్నింటికి లేస్తాడు, నవ్వినా పరిగెత్తినా దగ్గొస్తుందా, చిన్నప్పుడు ఒంటి మీద గజ్జిలాగా ఎర్రగా దురద మచ్చలు వచ్చేవా, ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉందా, ఇవే అడిగింది. మోచేతి మడతల్లో మచ్చలు రెండేళ్లప్పుడు వచ్చాయి. మా ఆయనకి పొద్దున్నే పదేసి తుమ్ములు. అత్తయ్య చిన్నాయన సంగతి కూడా చెప్పాం. ఆవిడ వాడి వీపు మీద స్టెతస్కోప్ పెట్టి, "గట్టిగా ఊది వదులు నాన్నా" అంది. తర్వాత నా చెవులకి పెట్టింది. ఊపిరి వదిలేటప్పుడు చివర్లో సన్నగా, కిటికీ సందులోంచి గాలి వచ్చినట్టు ఒక కూత. పీల్చేటప్పుడు లేదు. ముక్కు మూసుకుపోయి వచ్చే గురగుర వేరు, గొంతులో కఫం శబ్దం వేరు, వదిలేటప్పుడు ఛాతీలోంచి వచ్చే ఈ సన్న కూతే పిల్లికూత అని అప్పుడు తెలిసింది.

చీటీ వెనక రెండు గుండ్రాలు గీసింది. ఒకటి మామూలు ఊపిరి గొట్టం. రెండోదాన్ని లోపల గోడ మందంగా, మధ్యలో బొక్క చిన్నగా గీసింది. ఉబ్బసం ఉన్న పిల్లల గొట్టాల లోపలి పొర బాగున్న రోజుల్లో కూడా కాస్త వాచి, చికాకుగా ఉంటుందట. దుమ్మో చల్లగాలో జలుబు వైరసో తగిలితే గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, లోపల చిక్కటి కఫం ఊరుతుంది, బొక్క ఇంకా చిన్నదవుతుంది. రాత్రే ఎందుకని అడిగాను. వాపుని అణిచే హార్మోన్లు మన ఒంట్లో రాత్రిపూట బాగా తగ్గుతాయి, తెల్లవారుజామున నాలుగింటి ప్రాంతంలో ఎవరికైనా ఊపిరి గొట్టాలు పగటికంటే కొంచెం ఇరుకవుతాయి, మనకి తెలియదు కానీ వీడికి ఇరుకవడానికి చోటే మిగల్లేదు అంది. ఒక పరుపు మీద ఎనిమిది గంటలు ముక్కు ఆనించి పడుకోవడం దానికి తోడు.

అప్పటికప్పుడు ఉబ్బసం అని రాయలేదు. గొట్టంలోకి ఊదే స్పైరోమెట్రీ పరీక్ష ఆ రోజు పెడితే వీడు కేకు మీద కొవ్వొత్తి ఆర్పినట్టు ఊదాడు, లెక్కకి రాలేదు. అందుకని సాల్బుటమాల్ ఉన్న నీలం పంపు, దానికి తగిలించి మందు పీల్చే ప్లాస్టిక్ గొట్టం, అదే స్పేసర్, ఇచ్చి, ఇబ్బంది వచ్చినప్పుడు వాడి చూడండి, మూడు వారాలు ప్రతి రాత్రీ రాయండి అని పంపింది. ఎన్నింటికి దగ్గాడు, కూత వినిపించిందా, ముక్కు కారుతోందా, ఎక్కడ పడుకున్నాడు, ఏసీనా ఫ్యానా, ఆ రోజు కొత్తగా ఏం జరిగింది. దగ్గు మందులన్నీ ఆపేయమంది. దగ్గుని నొక్కేస్తే గొట్టం తెరుచుకోదు కదా అని.

పంపు అనగానే నాకు టెన్షన్. అలవాటైపోతుందంటారు, గుండె దడ వస్తుందంటారు. మరి ఇదే మందు సిరప్‌లో కూడా ఉంటుంది కదా, అది రాయండి అన్నాను. ఆవిడ నవ్వి లెక్క చెప్పింది. పంపు ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. సిరప్ ఒక చెంచాలో 2 మిల్లీగ్రాములు, అంటే 20 సార్లు నొక్కినంత. ఆ సిరప్ కడుపులోకి వెళ్లి ఒళ్లంతా తిరిగి చేతులు వణికించి చివరికి కొంచెం ఊపిరితిత్తులకి చేరుతుంది, పంపు మందు నేరుగా అక్కడికే పోతుంది. ఆ తర్వాత నేను సిరప్ మాట ఎత్తలేదు.

వంటింట్లో వేలాడే క్యాలెండర్ గళ్లలోనే రాయడం మొదలుపెట్టాను. మూడు వారాలు, 21 రాత్రులు. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నా.

మొదటి ఎనిమిది రాత్రులు జలుబు లేదు. అయినా మూడు రాత్రులు దగ్గాడు. ఆ మూడు రాత్రులూ మా మధ్యలో, మా పెళ్లినాటి దూదిపరుపు మీద, ఏసీలో పడుకున్నాడు. మిగతా ఐదు రాత్రులు హాల్లో నానమ్మ పక్కన చాప మీద, ఫ్యాన్ కింద. చాప మీద ఒక్క రాత్రీ దగ్గలేదు. నేనేమో కింద పడుకుంటే నేల చలువకి జలుబు చేస్తుందని రోజూ అత్తయ్యతో వాదన. తొమ్మిదో రోజు సాయంత్రం ముక్కు కారడం మొదలైంది. ఆ రాత్రి బాగానే పడుకున్నాడు. పదో రాత్రి దగ్గు.

పదకొండో రాత్రి 2:40కి నిద్రలోంచి లేచి కూర్చున్నాడు. దగ్గు కాదు, కూత గది బయటికి వినిపిస్తోంది. చొక్కా ఎత్తి చూస్తే డొక్కలు ఎగరేస్తున్నాడు, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. ఊపిరి నిమిషానికి 44. ఈ వయసు పిల్లలకి నిద్రలో 30 దాటితే గమనించమని డాక్టరమ్మ చెప్పింది. మాట్లాడించాను, "అమ్మా... నీళ్లు... కావాలి" అని ముక్కలు ముక్కలుగా అన్నాడు. నీలం పంపు తీశాను. స్పేసర్‌కి మాస్కు తగిలించి ముఖానికి గట్టిగా ఆనించి ఒకసారి నొక్కి, ఐదారు ఊపిరులు తీయించి, అర నిమిషం ఆగి, పంపు మళ్లీ ఊపి రెండోది, అలా నాలుగు. మా కాగితం మీద రాసిచ్చింది అదే: నాలుగు నొక్కులు, 20 నిమిషాలు చూడండి, తగ్గకపోతే మళ్లీ నాలుగు, అప్పటికీ తగ్గకపోయినా, తగ్గి మూడు నాలుగు గంటలలోపే తిరిగి కావాల్సి వచ్చినా ఆసుపత్రికి. పెదవులు నీలంగా మారినా, మాట రాకపోయినా, మగతగా వాలిపోతున్నా ఆ 20 నిమిషాలు కూడా ఆగొద్దు, పంపు కొడుతూనే 108కి ఫోన్ చేయండి. (ఇది మా వాడి బరువుకి, వాడి పరిస్థితికి రాసింది. మీ పిల్లలకి మీ డాక్టరే రాయాలి.)

మూడింటికి ఊపిరి 32కి దిగింది. మూడున్నరకి పడుకున్నాడు. నేను పడుకోలేదు.

పదిహేనో రాత్రి దాకా దగ్గు సాగింది. చివరి ఆరు రాత్రుల్లో రెండు, ఆ రెండూ మళ్లీ పరుపు మీదే, ఏసీలోనే. మొత్తం 11 రాత్రులు. ఆరు జలుబువి, ఐదు పరుపువి. క్యాలెండర్ చూసి డాక్టరమ్మ ఒక్క మాట అంది, "మీకు రెండు ఇబ్బందులు ఉన్నాయి, పెద్దది ఒకటి, చిన్నది ఒకటి."

పెద్దది జలుబు. పిల్లల్లో ఉబ్బసాన్ని రేపేవాటిలో మామూలు జలుబు వైరస్‌లదే ముందు వరస. ముక్కులో మొదలై రెండో మూడో రాత్రికి ఛాతీకి దిగుతుంది, మా గళ్లలో తొమ్మిది, పది, పదకొండు అచ్చం అలాగే ఉన్నాయి. ఇది వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ దీన్ని ఏమీ చేయదు. మేం వాడిన నాలుగు కోర్సుల తర్వాత తగ్గింది అనుకున్నదంతా దానంతట అదే తగ్గిందన్నమాట. ఒకటో తరగతి పిల్లాడికి జలుబు రాకుండా ఆపడం ఎవరి వల్లా కాదు, ఆవిడ కూడా ఆపమనలేదు.

చిన్నది పరుపు. ఇక్కడ నేను చాలా తప్పుగా అర్థం చేసుకున్నాను. మా పక్క ప్లాట్‌లో అపార్ట్‌మెంట్ కడుతున్నారు, రోజూ సిమెంటు, ఇసుక, ఒక వారమంతా బోరు వేశారు, కిటికీ ఊచల మీద వేలితో పేరు రాయొచ్చు. దుమ్ము అంటే అదేననుకుని కిటికీలన్నీ బిగించి కూర్చున్నా. ఆ దుమ్ము కూడా గొంతుని గీరుతుంది, వీడి లాంటి వాళ్లకి మంచిది కాదు, నిజమే. కానీ రాత్రి దగ్గు తెప్పించే దుమ్ము కంటికి కనపడదు. పరుపుల్లో, దిండ్లలో డస్ట్ మైట్స్ అనే పురుగులుంటాయి, మన ఒంటి మీద నుంచి రాలే చర్మం పొట్టు తిని బతుకుతాయి, కుట్టవు, కరవవు. వాటి రెట్ట ఎండి పొడై, పిల్లాడు దొర్లినప్పుడల్లా లేచి ముక్కులోకి పోతుంది, దానికే ఎలర్జీ. తేమ ఉంటే బాగా పెరుగుతాయి, వానాకాలమంతా కిటికీలు బిగించిన గదిలో పన్నెండేళ్ల దూదిపరుపు వాటికి పెద్ద బంగళా. చాప మీద అవి దాక్కోవడానికి చోటే లేదు. నానమ్మ గెలిచింది.

ఇక ఏసీ. చల్లగాలి దానంతటది కూడా గొట్టాలని బిగిస్తుంది, కానీ మామూలుగా ముక్కు ఆ గాలిని వెచ్చబెట్టి తడి చేసి లోపలికి పంపుతుంది. జలుబుతో ముక్కు మూసుకుపోతే పిల్లాడు నోటితో పీలుస్తాడు, ఆ చల్లటి పొడి గాలి నేరుగా ఛాతీలోకి పోతుంది. అందుకే జలుబు లేని రోజున ఏసీతో ఉన్న ఇబ్బంది కంటే జలుబు రోజున ఇబ్బంది చాలా ఎక్కువ. ఏసీ పూర్తిగా మానేయనక్కర్లేదు, 26 మీద పెట్టి గాలి ముఖానికి తగలకుండా తిప్పమంది, ఫిల్టర్ రెండు వారాలకోసారి కడగమంది. మా ఆయన ఆ ఆదివారం ఫిల్టర్ తీశాడు. దాని రంగు గురించి ఇక్కడ రాయను.

ఈసారి స్పైరోమెట్రీలో బాగా ఊదాడు. నీలం పంపు ఇచ్చి పావుగంటకి మళ్లీ ఊదిస్తే ఊదిన గాలి అంకె 14 శాతం పెరిగింది. 12 దాటితే మందుకి గొట్టాలు తెరుచుకున్నట్టే లెక్క. ఉబ్బసం అని అప్పుడు రాసింది. బ్యుడెసొనైడ్ అనే రెండో పంపు, ఒక్కో నొక్కుకి 100 మైక్రోగ్రాములు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, దగ్గున్నా లేకపోయినా రోజూ. నీలం పంపు బిగిసిన కండరాన్ని వదులు చేస్తుంది, నిమిషాల్లో పని చేస్తుంది, నాలుగైదు గంటలే ఉంటుంది. ఈ రెండోది వాపు మీద పని చేస్తుంది, ఆ రాత్రికి ఉపయోగం కనపడదు, వారాలు పడుతుంది. అది స్టెరాయిడ్. ఆ మాటకి మా ఆయన ముఖం మాడిపోయింది. ఎత్తు పెరగడా అని అడిగాడు. కొందరు పిల్లల్లో కొద్దిగా, సుమారు ఒక సెంటీమీటర్ దాకా తేడా రావచ్చు, అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి ప్రతిసారీ ఎత్తు కొలుస్తాను అని దాచకుండా చెప్పింది. అలా చెప్పినందుకే మాకు నమ్మకం కుదిరింది.

ఇంట్లో చేసింది ఎక్కువేం లేదు. దూదిపరుపు వెళ్లిపోయింది. కొత్త పరుపుకి, దిండుకి జిప్పు ఉండే కవర్లు. దుప్పట్లు వారానికోసారి వాషింగ్ మెషీన్‌లో 60 డిగ్రీల వేడినీళ్లలో, చన్నీళ్లలో ఉతికితే పురుగు చావదట. ఎండలో ఆరేస్తే తేమ పోతుంది, మంచిదే, కానీ ఎండబెట్టాం కదా అని అలాగే వాడేయడానికి లేదు, చచ్చిన పురుగు రెట్ట కూడా ఎలర్జీయే, ఉతకాలి. వాడి బొమ్మ ఎలుగుబంటి ఉతికితే చిరిగిపోయేలా ఉంది, దాన్ని కవర్లో చుట్టి ఒక రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, తర్వాత చేత్తో నెమ్మదిగా ఉతికాను. ఐస్ ట్రే పక్కన దాన్ని చూసి వాడు ఏడ్చిన ఏడుపుకి నీలం పంపు తీయాల్సి వస్తుందేమో అనుకున్నా. చీపురు బదులు తడిగుడ్డ. దోమల చుట్ట, అగరొత్తులు పడగ్గదిలోంచి బయటికి, సాంబ్రాణి వాడు స్కూల్లో ఉన్నప్పుడు.

పంపు వాడే తీరులోనే రెండు తప్పులు చేశాం. మొదటి వారం వాడు ఏడుస్తుంటే పట్టుకుని బలవంతంగా కొట్టేదాన్ని, ఏడుస్తూ ఉంటే మందు లోపలికి పోదట, బుగ్గల్లో, గొంతులో ఆగిపోతుంది. స్పేసర్ కడిగి టవల్‌తో తుడిచేదాన్ని, తుడిస్తే ప్లాస్టిక్‌కి కరెంటు పట్టినట్టై మందు గోడలకి అంటుకుంటుంది. గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో ముంచి తీసి దానంతట అది ఆరనివ్వాలి. బ్యుడెసొనైడ్ తర్వాత నోరు పుక్కిలించాలి, లేకపోతే నాలుక మీద తెల్లగా పూత వస్తుంది. దానికి మేం పెట్టుకున్న పద్ధతి, పళ్లు తోముకునే ముందు పంపు.

నవంబర్‌లో రాత్రులు నిశ్శబ్దంగా గడిచాయి. జలుబు ఒకసారి వచ్చింది, రెండు రాత్రులు దగ్గాడు, అంతే. డిసెంబర్ మధ్యలో, "పిల్లాడు బంగారంలా ఉన్నాడు, రోజూ స్టెరాయిడ్ ఎందుకు" అని ఆపేశాం. మేమే, డాక్టరమ్మకి చెప్పకుండా. మూడు నెలలు వాడాక వచ్చి కలవమంది, మేం రెండు నెలలకే డాక్టర్లమైపోయాం.

సంక్రాంతికి జనగామ దగ్గర మా అత్తగారి ఊరికి వెళ్లాం. చలి. వాడికి ముక్కు కారుతోంది. రాత్రి అత్తయ్య ప్రేమగా ట్రంకుపెట్టెలోంచి పాత రగ్గు తీసి కప్పింది, ఏడాదిగా దాంట్లోనే ఉన్న రగ్గు. తెల్లవారుజామున లేపి భోగిమంట దగ్గర కూర్చోబెట్టాం, పొగ. జలుబు, పురుగు రెట్ట, చల్లగాలి, పొగ, నాలుగూ ఒకే రాత్రి, వాపు ఆపే మందు నెల నుంచి లేదు. నీలం పంపు ఉంది, స్పేసర్ హైదరాబాద్‌లో ఉంది. నోట్లోకి నేరుగా కొడితే సగం నాలుక మీదే పడింది. మా మరిది కారులో జనగామకి తీసుకెళ్లాడు, ఆక్సిజన్ 91 ఉంది, నెబులైజర్ మూడుసార్లు పెట్టి, మూడు రోజులు వేసుకోమని స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు, ఆ మూడు రోజుల మాత్రల్లో ఒంట్లోకి పోయిన స్టెరాయిడ్ ముందు పంపులో రోజూ పోయేది ఎంత తక్కువో తర్వాత డాక్టరమ్మ లెక్క వేసి చూపించింది. తిట్టలేదు. స్పేసర్ లేనప్పుడు అర లీటరు నీళ్ల సీసా అడుగున పంపు మూతి పట్టేంత బొక్క చేసి, సందు లేకుండా బిగించి వాడొచ్చని కూడా చెప్పింది. ఆ ఒక్క ముక్క ముందే తెలిసుంటే ఆ గంట ప్రయాణం కొంచెం తేలికయ్యేది.

చేప మందు సంగతి కూడా వచ్చింది, హైదరాబాద్‌లో ఉబ్బసం అంటే రాకుండా ఉంటుందా. మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి తీసుకెళ్దామని అత్తయ్య. బతికున్న చిన్న కొరమీనుని ఆరేళ్ల పిల్లాడి గొంతులోకి పంపాలంటే నాకు ధైర్యం లేదు, అది గొంతుకి అడ్డం పడితే అన్న భయం ఒకటి, దానివల్ల తగ్గుతుందనడానికి రుజువు లేదన్నది ఇంకొకటి. వెళ్లలేదు. అత్తయ్య రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు వాడికి పంపు ఆవిడే పట్టించింది.

జనవరి నుంచి ఒక్క పూట మానలేదు. పంపులో 200 నొక్కులు, రోజుకి రెండు, అంటే 100 రోజులు. అయిపోయే తేదీ మార్కర్‌తో దాని మీదే రాస్తాం, ఎందుకంటే మందు అయిపోయాక కూడా నొక్కితే గ్యాస్ వస్తూనే ఉంటుంది, చూసేవాళ్లకి తేడా తెలియదు. ప్రతి చెకప్‌లో డాక్టరమ్మ అడిగేవి అవే: గత నాలుగు వారాల్లో నీలం పంపు వారానికి రెండుసార్లు మించి కావాల్సి వచ్చిందా, ఒక్క రాత్రయినా దగ్గుకి లేచాడా, ఆటల్లో ఆగిపోతున్నాడా. అన్నిటికీ లేదు అని మూడు నెలలు చెప్పగలిగితే మోతాదు తగ్గిద్దాం అంది. మేలో అలా చెప్పగలిగాం. కానీ జూన్‌లో స్కూళ్లు తెరుస్తారు, జలుబుల కాలం, ఇప్పుడు తగ్గించొద్దు, వానలు పోయాక చూద్దామంది.

స్కూల్ తెరిచిన పదో రోజుకి ముక్కు మొదలైంది. నిన్న మూడో రాత్రి. ఎవరూ లేపకుండానే 2:40కి నాకు మెలకువ వచ్చింది. వాడి ఛాతీ మీద చెయ్యి పెట్టి ఫోన్‌లో నిమిషం చూస్తూ లెక్కపెట్టాను, 22. కూత లేదు. ఎలుగుబంటిని పక్కకి జరిపి దుప్పటి సర్ది పడుకున్నాను.